గుండె దడకు మందులే కారణమైనప్పుడు: జలుబు మాత్ర, ఇన్హేలర్, థైరాయిడ్ మాత్రలపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలోని మా క్లినిక్‌కు గుండె దడ అంటూ వచ్చేవారిలో చాలామంది ఈసీజీ తీయించుకోవడానికి సిద్ధపడే వస్తారు గానీ, ఏయే మందులు వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర పేరో, షుగరు మాత్ర పేరో చెప్పి ఆగిపోతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది కాబట్టి జలుబు మాత్రను వారు మందుగా లెక్కించరు. ఇన్హేలర్‌ను మింగరు కాబట్టి అది గుర్తుకు రాదు. ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకుంటున్న థైరాయిడ్ మాత్రయితే, పళ్ళు తోముకోవడం లాగా అలవాటులో కలిసిపోయి ఉంటుంది. ఈ మూడూ నాడి వేగాన్ని పెంచగలవు. అయితే వాటి ప్రభావం మొదలయ్యే సమయమూ, నిలిచి ఉండే వ్యవధీ వేరువేరు కాబట్టి, దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నదే అసలు కారణాన్ని పట్టి ఇస్తుంది.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారి నాడి సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్ళు ఆనించి, పూర్తి నిమిషం పాటు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే, కొట్టుకోవడంలో తేడా ఉన్నా మన వేళ్ళకు తెలియకుండా పోతుంది.

అపోహ: జలుబు మాత్రలన్నీ ఒకటే, పారాసిటమాల్ లాంటివే.

వాస్తవం: పారాసిటమాల్ ఒక్కటే నాడిని పెంచదు, పైగా జ్వరం తగ్గించి నాడిని నెమ్మదింపజేస్తుంది కూడా. మన దగ్గర జలుబు మాత్ర పేరుతో దొరికే వాటిలో మాత్రం పారాసిటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్, కొన్నింటిలో 30 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ కలిసి ఉంటాయి. స్ట్రిప్ వెనక సన్న అక్షరాలలో రాసి ఉండేది ఇదే. ముక్కు దిబ్బడ తగ్గించడానికి కలిపే ఫెనైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ రెండూ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి గానీ, గుండె మీద వాటి ప్రభావం ఒకటి కాదు. సూడోఎఫెడ్రిన్ గుండెను నేరుగా ఉత్తేజపరుస్తుంది. సగటున చూస్తే ఆ పెరుగుదల నిమిషానికి మూడు సార్లకు మించదు గానీ, అప్పటికే నాడి వేగంగా ఉన్నవారికి ఆ కాస్తే దడగా తెలుస్తుంది. ఫెనైలెఫ్రిన్ ప్రధానంగా రక్తపోటును పెంచే స్వభావం గలది, అలా పెరిగినప్పుడు నాడి కాస్త తగ్గడం కూడా ఉంటుంది. మింగిన ఫెనైలెఫ్రిన్‌లో చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే విచ్ఛిన్నమైపోతుంది. అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో దీనిని పరిశీలించి, నోటి ద్వారా తీసుకునే ఫెనైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పని చేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది.

కాబట్టి ఫెనైలెఫ్రిన్ ఉన్న మాత్ర వేసుకున్నాక దడ వస్తే, అందులోని కెఫీన్‌నూ, దానికి తోడైన నాలుగు గ్లాసుల టీనీ, ఒంట్లోని జ్వరాన్నీ, ఆకలి లేక నీళ్ళు తాగకపోవడాన్నీ ముందుగా అనుమానించాలి. ఏదైనా సరే, సాధారణ జలుబు మాత్ర వల్ల వచ్చిన దడ ఆఖరి మోతాదు తరువాత ఆరు గంటల్లో చాలావరకు సర్దుకోవాలి. మర్నాటికి కూడా తగ్గలేదంటే మరో కారణం వెతకవలసిందే.

అపోహ: ఇన్హేలర్ గుండెను పాడు చేస్తుంది, దడ రాగానే ఆపేయాలి.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరిగినంత నష్టం ఈ మూడు మందుల్లో దేనివల్లా నేను చూడలేదు. ఆస్తమాకు వాడే ఇన్హేలర్లు రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ ఒకటి. గాలి గొట్టాల్లోని వాపును రోజూ అదుపులో ఉంచే బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ మరొకటి. నాడిని పెంచేది మొదటిది, రెండోది పెంచదు. (రెండూ కలిపిన ఇన్హేలర్లు కూడా ఉన్నాయి కాబట్టి డబ్బా రంగును బట్టి కాక, మీద రాసిన మందు పేరును బట్టి తెలుసుకోవాలి.)

సాల్బుటమాల్ పఫ్ ఒక్కొక్కటి సాధారణంగా 100 మైక్రోగ్రాములు ఉంటుంది. పీల్చిన ఐదు నిమిషాల్లో గాలి గొట్టాలు విచ్చుకుంటాయి, అదే సమయంలో కొందరికి వేళ్ళు సన్నగా వణికి, నాడి పెరుగుతుంది. ఎక్కువమందిలో గంట, రెండు గంటల్లో ఆ దడ తగ్గిపోతుంది. ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం, అంటే స్పేసర్‌తో పీలిస్తే గొంతులో అతుక్కుని కడుపులోకి పోయే మందు తగ్గుతుంది. దీనికి పూర్తి విరుద్ధంగా, పల్లెల్లో ఇప్పటికీ ఆయాసానికి పొట్లాలలో ఇచ్చే సాల్బుటమాల్ మాత్రలు, థియోఫిలిన్ జాతి మాత్రలు ఒళ్ళంతా తిరిగి, తక్కువ ఉపశమనానికి ఎక్కువ దడ పుట్టిస్తాయి. ఇన్హేలర్ అంటే భయపడి మాత్రకు మారినవారు, నిజానికి దడ తక్కువ ఉన్న దానిని వదిలి ఎక్కువ ఉన్న దానిని ఎంచుకున్నారన్న మాట.

మరొక విషయం, ఆస్తమా ఉద్ధృతి కూడా నాడిని పెంచుతుంది. ఆయాసంతో మాట పూర్తి చేయలేని స్థితిలో నాడి 120 దాటితే అది తీవ్రమైన ఉద్ధృతికి గుర్తు. అప్పుడు దడను చూసి మందు ఆపడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆయాసం తగ్గిన కొద్దీ నాడి కూడా దిగుతుందా, లేక పిల్లికూతలు పోయాక కూడా నాడి అలాగే ఉందా అన్నది గమనించాలి.

అపోహ: థైరాయిడ్ మాత్ర ఏళ్ళుగా వేసుకుంటున్నదే, ఇప్పుడు దడ దాని వల్ల ఎందుకు వస్తుంది?

వాస్తవం: మాత్ర మారకపోయినా మనిషి మారతాడు. బరువు తగ్గినా, వయసు పెరిగినా, కాఫీతో కలిపి వేసుకునేవారు పరగడుపున వేసుకోవడం మొదలుపెట్టినా, దానితో పాటే మింగుతున్న కాల్షియం, ఐరన్ మాత్రలు మానేసినా, అదే మోతాదు ఎక్కువైపోతుంది. థైరాయిడ్ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్ రక్తంలో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందువల్ల దీని దడ మాత్ర వేసుకున్న గంటకు వచ్చి పోయేది కాదు. వారాల మీద మెల్లగా పెరిగి, పగలూ రాత్రీ ఒకే తీరుగా, నిద్రలో కూడా ఉంటుంది. దానితో పాటు చెమట, చేతులు వెచ్చగా ఉండడం, తిన్నా బరువు తగ్గడం కనిపిస్తాయి. థైరాయిడ్ మోతాదు ఎక్కువైతే రక్తపరీక్షలో తగ్గి కనిపించేది టీఎస్‌హెచ్. అరవై దాటినవారిలో అది 0.1 కన్నా తక్కువలో చాలాకాలం ఉంటే, గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. నేను ఎక్కువగా భయపడేది దానికే.

మూడు మందులూ ఒకే మనిషిలో కలిస్తే ఎలా విడదీయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. వ్యక్తిని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అంబాజీపేట వైపు నుంచి 61 ఏళ్ళ పెద్దావిడను కోడలు తీసుకువచ్చారు. పుష్యమాసపు మంచులో జలుబు చేసి రోజుకు మూడు జలుబు మాత్రలు వేసుకున్నారు. దడ వచ్చింది. ఇన్హేలర్ వల్లేనని ఎవరో చెప్పగా, ఉదయం, సాయంత్రం పీల్చే బుడెసొనైడ్ మానేశారు. వారం తిరిగేసరికి పిల్లికూతలు మొదలై, సాల్బుటమాల్ రోజుకు పదేసి పఫ్‌లు వాడసాగారు. నాడి 118, జ్వరం లేదు, అరచేతులు వెచ్చగా తడిగా ఉన్నాయి. ఈసీజీలో లయ సక్రమంగానే ఉంది, వేగమే ఎక్కువ.

జలుబు మాత్ర ఆపి అప్పటికే మూడు రోజులైంది కాబట్టి దానిని పక్కన పెట్టాను. పఫ్‌లకు ముందూ, రెండు పఫ్‌లు పీల్చిన ఇరవై నిమిషాలకూ నాడి రాసి పెట్టమనీ, తెల్లవారుజామున ఆవిడ గాఢనిద్రలో ఉండగా లేపకుండా ఒకసారి చూడమనీ కోడలికి చెప్పాను. పీల్చక ముందు 104, పీల్చాక 116, నిద్రలో 96 అని కాగితం మీద రాసి తెచ్చారు. పన్నెండు సార్ల పెరుగుదల ఇన్హేలర్‌ది. ఆఖరి పఫ్ పీల్చి ఏడు గంటలు దాటాక, ఆయాసం లేని నిద్రలో ఉన్న 96 మాత్రం సాల్బుటమాల్‌ది కాదు, జలుబు మాత్రదీ కాదు. టీఎస్‌హెచ్ చేయిస్తే 0.04 వచ్చింది.

"ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రండమ్మా" అంటే, థైరాయిడ్ సీసాలు రెండు వచ్చాయి, ఒకటి 50, మరొకటి 75. రెండు నెలల క్రితం వేరే చోట డాక్టరు 50 నుంచి 75కు పెంచితే, పాతదానికి ఇది అదనమనుకుని ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. "పాతది మానమని చీటీలో రాయలేదు కదండీ" అన్నారు కోడలు, అదీ నిజమే. అంటే రోజుకు 125 మైక్రోగ్రాములు. వారం పాటు మాత్ర ఆపించి, తరువాత 75 ఒక్కటే ఇచ్చాను. బుడెసొనైడ్‌ను స్పేసర్‌తో మళ్ళీ మొదలుపెట్టించాను, కొద్ది రోజుల్లోనే పఫ్‌ల అవసరం రోజుకు ఒకటీ అరకు దిగింది. నాడి మాత్రం వెంటనే దిగలేదు. వారానికి 98, నాలుగు వారాలకు 84, ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 2.3.

అపోహ: మందు మానేసిన సాయంత్రానికి తగ్గకపోతే, కారణం ఆ మందు కాదు.

వాస్తవం: జలుబు మాత్రకూ ఇన్హేలర్‌కూ ఈ లెక్క పనికి వస్తుంది, థైరాయిడ్ మాత్రకు పనికి రాదు. రెండు రోజులు మానేసి చూశామని చెప్పేవారు అసలేమీ పరీక్షించనట్టే. మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముందు చూస్తే సరైన అంకె రాదు.

అపోహ: దడ తగ్గడానికి ఇంట్లో ఉన్న ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోవచ్చు.

వాస్తవం: ఆస్తమా ఉన్నవారు వేసుకోకూడదు. ఇంట్లో ఎవరికో తలనొప్పికో, వణుకుకో రాసిన ఈ మాత్ర నాడిని తగ్గించే మాట నిజమే గానీ, గాలి గొట్టాలను బిగించి, ఆపద సమయంలో సాల్బుటమాల్ పని చేయకుండా అడ్డుకుంటుంది. దడతో పాటు ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఆయాసం ఉంటే, లేదా వేళ్ళ కింద నాడి ఒక లయ లేకుండా చెల్లాచెదురుగా తగులుతుంటే, ఏ మందు కారణమో ఇంట్లో తేల్చుకునే ప్రయత్నం చేయకుండా ఆ పూటే ఈసీజీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. దడ ఉన్న సమయంలో తీసిన ఈసీజీలోనే లయ తేడా దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు సీసాలు, స్ట్రిప్పులు, ఇన్హేలర్ డబ్బాలు అన్నీ వెంట తీసుకువెళ్ళాలి.