డెంగీలో జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనా?

వానాకాలంలో మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది, రోగి ఎలా ఉన్నారో చెప్పకముందే "సార్, ప్లేట్‌లెట్లు ఎనభై వేలకు పడిపోయాయి, ఎక్కించాలా?" అని అడుగుతారు. వారి భయం నాకు అర్థమవుతుంది. ఆ భయాన్ని పెంచే వాట్సాప్ సందేశాల మీదే నాకు కోపం.

నేను ఎం.డి. జనరల్ మెడిసిన్ చేసిన వైద్యుణ్ని. ఈ వీడియోలో చెబుతున్నది ఇతర జబ్బులేవీ లేని పెద్దవారికి మాత్రమే వర్తిస్తుంది. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, మధుమేహం, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డెంగీ అని తెలిసిన రోజే వైద్యుణ్ని కలవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ, జ్వరం తగ్గింది కనుక ఇక భయం లేదనుకోవడం. డెంగీలో ప్రమాద ఘడియ సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకే మొదలవుతుంది. అప్పుడు కొందరిలో సన్నని రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతుంది, బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరవుతాయి. ఈ దశ ఒకటి రెండు రోజులుంటుంది.

ఒక గృహిణికి ఐదో రోజు ఉదయం జ్వరం దిగింది. ఇంట్లోవారు ఊపిరి పీల్చుకుని, ప్లేట్‌లెట్లు 62,000 ఉన్నాయని బొప్పాయి ఆకు రసం పట్టించారు. కడుపునొప్పి, వాంతులు ఆ రసం వల్లే అనుకుని సాయంత్రం దాకా ఆగారు. మా దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లగా ఉన్నాయి, నాడి 120, బీపీ 100/84, ముందు 36 ఉన్న పీసీవీ 45కు చేరింది. వెంటనే సెలైన్ మొదలుపెట్టి, గంట గంటకూ నాడి, బీపీ, మూత్రం చూసుకుంటూ వేగాన్ని తగ్గిస్తూ వచ్చాం. మరునాడు ప్లేట్‌లెట్లు 28,000కు దిగినా ఆమె లేచి కూర్చున్నారు, ఇడ్లీ తిన్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కించనే లేదు. రక్తస్రావం లేనప్పుడు, 10,000 కంటే తగ్గితే తప్ప సాధారణంగా వాటి అవసరం రాదు.

బొప్పాయి రసంతో సంఖ్య కొంత పెరిగినా, ప్లాస్మా కారడం ఆగుతుందనడానికి ఆధారం లేదు. డెంగీ ఒకసారి వస్తే మళ్లీ రాదన్నదీ నిజం కాదు. వైరస్ నాలుగు రకాలు, రెండోసారి ఉద్ధృతంగా రావచ్చు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి, పారాసిటమాల్ చాలు.

ఇంటి దగ్గర ఉన్నవారు ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ తాగుతూ, మూత్రం నాలుగు నుంచి ఆరు గంటలకోసారైనా వస్తోందో లేదో గమనించాలి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, విపరీతమైన మత్తు లేదా చికాకు, చల్లబడిన చేతులు కాళ్లు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉన్నా సరే, తెల్లవారేదాకా ఆగకుండా రాత్రికి రాత్రే ఆస్పత్రికి తీసుకురండి.