ఐపీ మారిస్తే బ్లాక్ పోతుందా? స్క్రాపింగ్‌లో అపోహలు - వాస్తవాలు

స్క్రాపింగ్, అంటే సైట్ల నుంచి స్క్రిప్టుతో డేటా లాగడం, మొదలెట్టిన కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే, "అన్నా బ్లాక్ చేసేశారు, ఏ ప్రాక్సీ కొనమంటావ్?" అని. ముందు లాగ్ చూడండయ్యా, డబ్బులు తర్వాత పెట్టొచ్చు.

అపోహ: ఐపీ మారిస్తే చాలు, బ్లాక్ పోతుంది.

చాలా సైట్లు ఐపీని వాడేది లెక్కపెట్టడానికి. ఒక ఐపీ నుంచి నిమిషానికి ఎన్ని రిక్వెస్టులొచ్చాయో చూసుకుని, లిమిట్ దాటితే ఇది పంపిస్తాయి:

```
HTTP/1.1 429 Too Many Requests
Retry-After: 60
```

60 సెకన్లు ఆగి రా అని చెప్తోంది, అంతే. కాసేపు నడిచాక 429 వస్తే స్పీడు సమస్య. అలా కాకుండా క్లౌడ్ సర్వర్ నుంచి మొదటి రిక్వెస్టుకే 403, అంటే నీకు అనుమతి లేదు అని వచ్చి, అదే పేజీ ఇంట్లో బ్రౌజర్‌లో తెరుచుకుంటే, డేటాసెంటర్ ఐపీలన్నిటినీ ఆపేసి ఉండొచ్చు, లేదా మీ స్క్రిప్టునే గుర్తుపట్టి ఉండొచ్చు.

మొన్నామధ్య ఒక తమ్ముడికి 12,000 ప్రొడక్ట్ పేజీలు కావాలి, సైట్ రూల్స్‌లో గానీ `robots.txt`లో గానీ వద్దని లేదు. ఒకేసారి 20 రిక్వెస్టులు వదిలాడు, 429 రాగానే కంగారుపడి ఐపీలు మారుస్తూ పోయే రొటేటింగ్ ప్రాక్సీ జీబీ లెక్కన కొన్నాడు. కాసేపు బాగానే వచ్చింది, తర్వాత అన్నీ 403లే. లాగ్ తెరిస్తే, ఐపీలు మారుతున్నాయి గానీ, పంపేది ఏ ప్రోగ్రామో చెప్పే `User-Agent` మాత్రం ప్రతిదాంట్లో `python-requests`, పైగా ఒకే సెషన్ కుకీ రెండు నిమిషాల తేడాలో మూడు దేశాల నుంచి వస్తోంది, ఇక పట్టుకోకుండా ఎలా ఉంటారు? ప్రాక్సీ తీసేయించి, ఒక రోజు ఆగి, ఉన్న ఒక్క ఐపీ నుంచే 5 సెకన్లకో రిక్వెస్టు పెట్టించా. మొత్తం 60,000 సెకన్లు, అంటే 17 గంటల్లోపు పని అయిపోయింది.

అపోహ: రెసిడెన్షియల్ ప్రాక్సీ ఐపీలన్నీ ఇష్టపడి ఇచ్చినవే.

ఇది వింటే నాకు నిజంగా కోపమొస్తుంది. అవి ఎవరో ఇంట్లో వాళ్ల కనెక్షన్లు. 2024 మేలో అమెరికా మూయించిన 911 ఎస్5 అనే ప్రాక్సీ సర్వీసు చూడండి, మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఫ్రీ యాప్‌లు వేసుకున్న జనం కంప్యూటర్లనే వాళ్లకి తెలీకుండా ప్రాక్సీలుగా అమ్మారు, 1.9 కోట్లకు పైగా ఐపీలు. మీరు పంపిన రిక్వెస్టుకి బ్లాక్ అయ్యేది ఆ ఇంటి ఐపీ. మొబైల్ ఐపీ అయితే ఇంకా ఘోరం, సీజీనాట్ వెనక ఒకే ఐపీని చాలామంది పంచుకుంటారు కాబట్టి క్యాప్చాలు వాళ్లందరికీ పడతాయి. అమ్మేవాణ్ణి ఐపీలు ఎక్కడివి, యూజర్ ఎక్కడ ఒప్పుకున్నాడు అని అడగండి, ఒప్పుకున్న స్క్రీన్ చూపించలేకపోతే కొనకండి.

అపోహ: పబ్లిక్ పేజీయేగా, బ్లాక్ దాటినా ఏం కాదు.

ప్రకటనల సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ లీగల్ నోటీసిచ్చి ఐపీలు ఆపితే, దాని ప్రకటనలు లాగే 3ట్యాప్స్ కంపెనీ ప్రాక్సీలతో కొనసాగించింది. క్రెయిగ్స్‌లిస్ట్ కేసు పెట్టింది, దాన్ని కొట్టేయమని 3ట్యాప్స్ అడిగితే 2013లో అమెరికా కోర్టు ఒప్పుకోలేదు. అలాగని ఒక్క 429కే ఎవరో కేసు పెడతారని నిద్ర మానుకోకండి. స్పీడు తగ్గించండి, `User-Agent`లో మీ మెయిల్ ఐడీ పెట్టండి, కాదూ కుదరదూ అని వాళ్లు రాస్తే ఆపేయండి.