అపోహలు - వాస్తవాలు: నీలిరంగు రాకపోతే స్టార్చ్ లేనట్టేనా?

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు లాలాజలంలో స్టార్చ్‌ను అరిగించే అమైలేజ్ ఎంజైమ్ మీద చేసిన ప్రయోగం రికార్డులు దిద్దుతున్నాను. సగానికి పైగా పుస్తకాల్లో రిజల్ట్స్ కింద ఇదే ఉంది: "37 డిగ్రీల దగ్గర ఎంజైమ్ స్టార్చ్‌ను జీర్ణం చేసింది. మరిగే నీళ్లలో ఎంజైమ్ చచ్చిపోయింది." ఎంజైమ్ ఏమైందో ఎవరి కంటికీ కనపడదు. వాళ్లు చూసింది అయోడిన్ వేశాక వచ్చిన రంగు, స్టార్చ్ ఉంటే వచ్చే నీలం. ఆ రంగు మాటే రికార్డులో లేదు.

అపోహ: రిజల్ట్స్‌లోనే కారణం రాసేస్తే సబ్జెక్టు వచ్చని ఎగ్జామినర్‌కి తెలుస్తుంది.

సీనియర్లు చెప్పారట. ఏటా వింటున్నాను, విన్నప్పుడల్లా కోపం వస్తుంది, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి మూడు గొట్టాలు పెట్టింది. ఒక్కోదానిలో 1 శాతం స్టార్చ్ ద్రావణం 5 మి.లీ., పలచన చేసిన లాలాజలం 1 మి.లీ. ఒకటి ఐసులో, ఒకటి 37 డిగ్రీల దగ్గర, ఒకటి మరిగే వాటర్ బాత్‌లో. పది నిమిషాలయ్యాక అయోడిన్ రెండేసి చుక్కలు వేసింది. ఐసు గొట్టం ముదురు నీలం. మిగతా రెండూ లేత పసుపు. రిజల్ట్స్‌లో "మరిగే నీళ్లలో కూడా స్టార్చ్ జీర్ణమైంది" అని రాసింది. పక్కవాళ్ల రికార్డుల్లో అందుకు తలకిందులుగా ఉండేసరికి భయపడి, కొట్టేసి, వాళ్లది ఎక్కించింది. ఆ టెన్షన్‌తోనే నా దగ్గరికొచ్చింది.

"నువ్వేం చూశావు?"

"స్టార్చ్ అరిగిపోయింది మేడమ్."

"అది చూసేది కాదమ్మా. ఏ రంగు వచ్చింది?"

"నీలం రాలేదు మేడమ్."

"అయోడిన్ వేసేటప్పుడు గొట్టం ఎక్కడుంది?"

"వాటర్ బాత్‌లోనే ఉంది."

అప్పుడు లాలాజలం కలపని స్టార్చ్‌ను మరిగించి, వేడి మీదే అయోడిన్ వేసి చూపించాను. నీలం రాలేదు. అదే గొట్టాన్ని కుళాయి కింద పట్టగానే నీలం వచ్చేసింది. స్టార్చ్‌లోని అమైలోజ్ మెలికల్లో అయోడిన్ ఇరుక్కుంటేనే ఆ నీలం. వేడికి ఆ పట్టు వదులుతుంది, చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. స్పాటింగ్ టైల్ మీద చుక్క ఇట్టే చల్లారుతుంది కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది ఉండదు.

ఆమె చూసింది తప్పు కాదు. "మరిగే వాటర్ బాత్‌లో ఉన్న గొట్టంలో అయోడిన్ 2 చుక్కలు వేస్తే నీలిరంగు రాలేదు" అని రాసి ఉంటే, ఆ వాక్యం చదివి పొరపాటు ఎక్కడుందో ఎవరైనా పట్టేవారు. "స్టార్చ్ జీర్ణమైంది" అన్న వాక్యంలో పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. మళ్లీ చేయించాను. గొట్టం చల్లార్చి అయోడిన్ వేస్తే ముదురు నీలం వచ్చింది.

ఇక డిస్కషన్. నీలం ఉందంటే స్టార్చ్ మిగిలి ఉంది అనొచ్చు. అంతమాత్రాన "ఎంజైమ్ డీనేచర్ అయింది" అనలేం, ఐసు గొట్టంలోనూ నీలమే కదా! రెండు పరిస్థితులకూ అయోడిన్ వేయని గొట్టాలు ఒక్కోటి అదనంగా పెట్టుకుని, తర్వాత 37 డిగ్రీలకు మార్చి, నిమిషానికో చుక్క టైల్ మీద పరీక్షించాలి. ఐసుదానిలో నీలం క్రమంగా పోయి, మరిగినదానిలో అలాగే ఉంటే, చలికి ఎంజైమ్ మందగించింది, వేడికి పాడైంది అని డిస్కషన్‌లో ధైర్యంగా రాయొచ్చు. ఈ రెండో దశ చేయకపోతే "డీనేచర్ అయి ఉండవచ్చు" దగ్గరే ఆగాలి. ఇంటర్ సాల్ట్ ఎనాలిసిస్‌లో అబ్జర్వేషన్, ఇన్ఫరెన్స్ అని వేరే గడులు గీసి, తెల్లని అవక్షేపం ఒకదానిలో, "క్లోరైడ్ ఉండవచ్చు" ఇంకోదానిలో రాసినవాళ్లే వీళ్లంతా. గడులు తీసేస్తే రెండూ కలిపేస్తున్నారు.

అపోహ: లెక్క కట్టింది ఏదైనా డిస్కషన్‌లోకి పోవాలి.

కాదు. మూడుసార్లు చేసి తీసిన సగటు సమయం రిజల్ట్సే. "37 డిగ్రీల గొట్టంలో నీలం ముందుగా పోయింది" అన్న పోలికా రిజల్ట్సే.

అపోహ: తేడా వచ్చిన రీడింగ్ తీసేయాలి.

తీయకండి. రిజల్ట్స్‌లో ఉన్నదున్నట్టు ఉంచి, ఎందుకు వచ్చి ఉంటుందో డిస్కషన్‌లో రాయండి. దానికి మార్కులు పోతాయని భయపడి నిద్ర మానుకోవద్దు, నేనైతే అందుకు ఏనాడూ మార్కులు తీయలేదు.

రికార్డు ఇచ్చేముందు రిజల్ట్స్ పేజీలో "వల్ల", "కాబట్టి", "అంటే" అన్న మాటలకు పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఆ వాక్యాల్లో చాలావరకు డిస్కషన్‌కి పోవాల్సినవే. అయితే ఈ సున్నాలకు దొరకనివీ ఉంటాయి. నీలం పోతున్నప్పుడు మధ్యలో ఒకటి రెండు నిమిషాలు టైల్ మీద చుక్క ఎర్రటి గోధుమ రంగులోకి తిరుగుతుంది. అక్కడ చాలామంది రిజల్ట్స్ పట్టికలో "డెక్స్‌ట్రిన్లు" అని రాస్తారు. పట్టికలో "ఎర్రటి గోధుమ రంగు" అని రాయండి, డెక్స్‌ట్రిన్ల మాట డిస్కషన్‌లో.