కర్ర ఏ వైపు ఉంది?

2018 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 60 మీటర్ల పరుగులో ఐవరీ కోస్ట్ క్రీడాకారిణి మురియెల్ అహురే బంగారు పతకం గెలిచింది. సంబరానికి చేతిలో సొంత జెండా లేదు. ప్రేక్షకుల్లో ఒకరి దగ్గర ఐర్లండ్ జెండా కనిపిస్తే అడిగి తీసుకుని, దాన్ని వెనక్కి తిప్పి పట్టుకుంది. అంతే, అది ఐవరీ కోస్ట్ జెండా అయిపోయింది!

రెండింట్లోనూ నిలువు పట్టీలే, రంగులూ అవే: ఆకుపచ్చ, తెలుపు, నారింజ. ఐర్లండ్ జెండాలో కర్రను ఆనుకుని ఆకుపచ్చ ఉంటుంది, ఐవరీ కోస్ట్ జెండాలో నారింజ. బట్ట రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి, ఎడమ నుంచి ఏ రంగు వచ్చిందో చూస్తే మోసపోతాం. కర్రకు అవతలి వైపు నిలబడితే వరస తారుమారవుతుంది. అందుకే కర్ర పక్కన ఏ రంగు ఉందో చూడాలి. బొమ్మలో కర్ర లేకపోతే మామూలుగా ఎడమ అంచునే కర్ర వైపు అనుకోవాలి. కొలత కూడా కొంత సాయం చేస్తుంది. ఐర్లండ్ జెండా వెడల్పుకు సరిగ్గా రెట్టింపు పొడవు, ఐవరీ కోస్ట్‌ది ఒకటిన్నర రెట్లే. కానీ అన్ని దేశాల జెండాలూ ఒకే సైజులో కుట్టించి వరసగా కడితే ఈ గుర్తు పనికిరాదు.

కర్రను చూసినా తేలని జంట రొమేనియా, చాద్. నీలం, పసుపు, ఎరుపు నిలువు పట్టీలు రెండింట్లోనూ అదే వరసలో ఉంటాయి. పొడవు, వెడల్పుల నిష్పత్తి కూడా ఒకటే. తేడా అంతా నీలంలోనే. చాద్ నీలం కాస్త ముదురు. పక్కపక్కన పెడితే తెలుస్తుంది గానీ, ఒక్కటే ఎగురుతుంటే, అందులోనూ ఎండకు కాస్త వెలిసి ఉంటే, నాకైతే చెప్పడం కష్టం.

మరి ఇంత పోలిక ఎలా వచ్చింది? చాద్ తన జెండాను 1959లో ఎంచుకుంది. అప్పట్లో రొమేనియా జెండా మధ్యలో కమ్యూనిస్టు ప్రభుత్వ చిహ్నం ఉండేది కాబట్టి గొడవ లేదు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వంపై జనం తిరగబడ్డారు. చిహ్నం ఉన్న చోట బట్టను కత్తిరించేసి, మధ్యలో చిల్లు ఉన్న జెండాలనే వీధుల్లో ఊపారు. తర్వాత చిహ్నం లేని పాత జెండానే అధికారికమైంది. దాంతో రెండూ ఒకటైపోయాయి. 2004లో చాద్ ఈ సంగతిని ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లింది. ఆ మూడు రంగులు మావి, వదులుకోం అన్నాడు రొమేనియా అధ్యక్షుడు ఇయోన్ ఇలియెస్కూ. ఇప్పటికీ రెండు దేశాలూ అవే జెండాలు ఎగరేస్తున్నాయి.

అవే రంగుల్లో మధ్య పసుపు పట్టీ మీద గద్ద కనిపిస్తే మాత్రం అది రొమేనియా పొరుగున ఉన్న మోల్డోవా. అక్కడ టెన్షన్ లేదు.