గార పళ్లను ‘దంత వివర్ణత’ అని ఎవరు వెతుకుతారు?

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు క్లినిక్‌ల వెబ్‌సైట్లకు తెలుగు పేజీలు రాయడం నా పని. పని అప్పగించేటప్పుడు చాలామంది డాక్టర్లు ఒక పట్టిక చేతికిస్తారు. ఎడమవైపు గూగుల్‌లో జనం వెతికే ఇంగ్లీషు మాటలు, అంటే కీవర్డ్‌లు, కుడివైపు వాటి తెలుగు. ‘వీటిని అక్కడక్కడా వాడండి, చాలు’ అంటారు. ఎంత చెప్పినా మళ్లీ అదే పట్టిక వస్తుంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఇంగ్లీషు కీవర్డ్‌ను తెలుగు చేస్తే అదే తెలుగు కీవర్డ్ అవుతుంది.

కాదు. నల్గొండలో ఒక పళ్ల ఆసుపత్రి పేజీలో ‘దంత వివర్ణత చికిత్స’, ‘మూల కాలువ చికిత్స’, ‘దంత కిరీటం’ అని ఉండేవి. పన్ను నొప్పితో రాత్రంతా మేలుకున్న మనిషి ఫోనులో ‘మూల కాలువ’ అని కొట్టడు. రూట్ కెనాల్ అంటాడు, లేదా పిప్పి పన్ను అంటాడు. కిరీటాన్ని క్యాప్ అంటాడు. అలాగని ప్రతి తెలుగు మాటనూ తీసేయనక్కర్లేదు. జ్ఞానదంతం అని జనమే అంటారు, దాన్ని అలాగే ఉంచాను.

ఏ మాటలు వెతికితే ఆ పేజీ గూగుల్‌లో కనబడిందో చూపే సెర్చ్ కన్సోల్ నివేదిక తెరిస్తే, దాదాపు అన్నీ క్లినిక్ పేరుతో వెతికినవే. అంటే ముందే తెలిసినవాళ్లు తప్ప కొత్తవాళ్లు రావడం లేదు. అందుకే ఒక పూట ఓపీ కౌంటర్ పక్కన కూర్చుని, వచ్చినవాళ్లు తమ బాధను ఏ మాటల్లో చెబుతున్నారో రాసుకున్నాను. ‘గార పోతుందా’, ‘పళ్ల మీద పసుపు మచ్చలు’, ‘పళ్లు జివ్వుమంటున్నాయి’. ‘వివర్ణత’ అన్నవారు ఒక్కరూ లేరు.

ఒక తల్లి డిగ్రీ చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరో చెప్పారని ఆ అమ్మాయి నెలల తరబడి నిమ్మరసం, ఉప్పుతో పళ్లు తోముతోంది. మచ్చలు పోలేదు సరికదా, చల్లనీళ్లు తాగితే పళ్లు లాగుతున్నాయి. నిమ్మలోని ఆమ్లం పంటి పైపొర ఎనామిల్‌ను తినేస్తుంది. ఇలాంటి చిట్కాలను ఫోన్లలో తిప్పేవాళ్ల మీద నాకు మండిపోతుంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడే ఆ పిల్లకు వాళ్లేం సమాధానం చెబుతారు?

పట్టిక చూపించని సంగతి అక్కడే తెలిసింది. ‘గార’ అనే ఒక్క మాటలో మనవాళ్లు రెండు సమస్యలు చెబుతారు. ఒకటి పంటి మీద పేరుకున్న గట్టి పాచి. అది స్కేలింగ్‌తో పోతుంది. రెండోది ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిన మచ్చ. శాశ్వత దంతాలు దవడలో తయారయ్యే చిన్న వయసులోనే అది ఎనామిల్ లోపల ఏర్పడుతుంది కాబట్టి ఎంత తోమినా, ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా పోదు. తీవ్రతను బట్టి బ్లీచింగ్, మైక్రో అబ్రేషన్, వెనీర్ లాంటివి చేస్తారు. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలున్న మన జిల్లాలో ఈ తేడా చెప్పకుండా ‘గార తొలగిస్తాం’ అని మాత్రమే రాస్తే, రెండో రకం మచ్చలున్నవాళ్లు స్కేలింగ్ చేయించుకుని, మోసపోయామనుకుని వెళ్లిపోతారు.

అందుకే పేజీని జనం మాటతో మొదలుపెట్టాను. శీర్షిక ఇలా మార్చాను:

```html
<title>పళ్ల మీద గార, పసుపు మచ్చలు ఎలా పోతాయి? | నల్గొండ</title>
```

మొదటి పేరాలోనే రెండు రకాలనూ విడదీసి, ఏది దేనితో పోతుందో రాశాను. ‘ఫ్లోరోసిస్’ అనే మాట అక్కడే, అర్థంతో సహా వచ్చింది. చికిత్స వివరాలను డాక్టరుగారు చదివి సరిచేశాకే పేజీ పెట్టాం. కొన్ని వారాలకు నివేదికలో `gara pallu ela pothayi` లాంటి వెతుకులాటలు కనబడసాగాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో అలా కొడుతున్నారని పేజీని కూడా ఆ లిపిలో రాయకండి, చదవలేరు. వాటిని జనం ఏ మాట వాడుతున్నారో తెలుసుకోవడానికి వాడుకోండి. మరో సంగతి: చాలా కొద్దిమందే వెతికిన మాటలను గోప్యత కోసం గూగుల్ ఆ నివేదికలో చూపించదు. తెలుగు మాటలు కొన్ని అలా దాగిపోవచ్చు. కాబట్టి జాబితాలో లేనంత మాత్రాన ఎవరూ వెతకలేదని కాదు. ఓపీ కౌంటర్‌లో విన్నదాన్నే నేను ముందు నమ్ముతాను.

అపోహ: ‘నా దగ్గర పళ్ల డాక్టర్’ అని పేజీలో రాయాలి.

వెతికేవారు ఎక్కడున్నారో గూగుల్ వాళ్ల ఫోను బట్టి చూసుకుంటుంది. మీరు ఊరి పేరు, క్లాక్ టవర్ నుంచి ఎటు రావాలో రాయండి. మ్యాప్స్‌లో చిరునామా సరిగ్గా ఉంచండి.

అపోహ: పేజీ కోడ్‌లో చదివేవారికి కనబడకుండా కీవర్డ్‌లు రాసే మెటా ట్యాగ్ నింపితే గూగుల్‌లో పైకి వస్తాం.

ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి.