చిన్నదైన బొమ్మలో నల్లగీత ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక బొమ్మ ఊహించుకోండి. ఎడమ సగమంతా ముదురు తేడాలేవీ లేని ఆకుపచ్చ, కుడి సగమంతా మెజెంటా. రెండూ కాంతివంతమైన రంగులే. మధ్యలో నలుపు గానీ, బూడిదరంగు గానీ ఒక్క చుక్క కూడా లేదు. దీన్ని ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సైజు తగ్గించి చూస్తే, రెండు రంగులూ కలిసేచోట పైనుంచి కిందికి ఒక సన్నని మసిగీత కనిపించవచ్చు. అటు ఆకుపచ్చ కన్నా, ఇటు మెజెంటా కన్నా చీకటిగా ఉంటుందది. అసలు బొమ్మలో లేనిది చిన్న బొమ్మలోకి ఎలా వచ్చింది?

సైజు తగ్గించడమంటే, సారాంశంలో, సగటు తీయడం. వెడల్పు, ఎత్తు సగానికి తగ్గిస్తే పాత బొమ్మలోని నాలుగు పిక్సెళ్ల చోట కొత్త బొమ్మలో ఒక్క పిక్సెల్ మిగులుతుంది. ఆ ఒక్కటి పాత నాలుగింటి సగటు. సరిహద్దు సరిగ్గా ఆ నాలుగింటి మధ్యగా పోయిందనుకుందాం. రెండు ఆకుపచ్చ పిక్సెళ్లు, రెండు మెజెంటా పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్ల వరుసలో ఆకుపచ్చ విలువ 0, 255, 0. మెజెంటాది 255, 0, 255. ఏ ఛానెల్ చూసినా సగం పిక్సెళ్లలో 0, సగంలో 255. సగటు 127.5, అంటే 128. కొత్త పిక్సెల్ 128, 128, 128 అనే బూడిదరంగు అవుతుంది.

లెక్కలో తప్పేమీ కనిపించదు. తప్పు లెక్కలో లేదు, లెక్కపెట్టిన అంకెల్లో ఉంది. ఫైల్‌లో ఉండే 128 అనే అంకె, 255 ఇచ్చే కాంతిలో సగాన్ని సూచించదు. అది సుమారు 21.6 శాతాన్ని సూచిస్తుంది.

వెబ్‌లో కనిపించే బొమ్మల్లో చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. దాన్ని 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురించారు. అందులో కాంతి పరిమాణాన్ని ఉన్నదున్నట్టు అంకెగా రాయరు, ఒక వంపురేఖ గుండా పంపి రాస్తారు. దాన్నే వాడుకలో గామా ఎన్‌కోడింగ్ అంటారు. మన కన్ను వెలుగులోని చిన్న తేడాల కన్నా చీకట్లోని చిన్న తేడాలను బాగా పసిగడుతుంది. ఛానెల్‌కు ఉన్నవే 256 మెట్లు. వాటిలో ఎక్కువ మెట్లను చీకటివైపు కేటాయిస్తే, ఉన్న జాగాలోనే బొమ్మ నునుపుగా కనిపిస్తుంది. పాత గాజుగొట్టం తెరల విద్యుత్ స్వభావం ఇంచుమించు ఈ వంపును తిరగేసినట్టు ఉండేది కాబట్టి ఈ పద్ధతి సహజంగా కుదిరిపోయింది. నిల్వ చేయడానికి ఇది చాలా మంచి ఏర్పాటు, అందులో సందేహం లేదు. చిక్కల్లా ఆ అంకెలను కాంతి పరిమాణాలనుకుని కూడికలు, భాగహారాలు చేసినప్పుడే. అంకెను తిరిగి కాంతిగా మార్చే సూత్రం ఇది:

```
def to_linear(v):
    s = v / 255
    if s <= 0.04045:
        return s / 12.92
    return ((s + 0.055) / 1.055) ** 2.4
```

ఇప్పుడు మన సరిహద్దు పిక్సెల్‌ను మళ్లీ లెక్కిద్దాం. ముందు అంకెలను కాంతిగా మార్చాలి. 0 అంటే సున్నా కాంతి, 255 అంటే పూర్తి కాంతి, అంటే 1. సగటు 0.5. దీన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే వచ్చేది 128 కాదు, 188. లీనియర్ లైట్‌లో సైజు మార్చడమంటే ఇంతే: కాంతిగా విప్పి, సగటు తీసి, తిరిగి ముడవడం.

రెండు జవాబుల మధ్య దూరం ఎంతో ప్రకాశంలో చూస్తే తెలుస్తుంది. తెల్లటి తెలుపు ప్రకాశాన్ని 1 అనుకుంటే, అందులో నిండు ఆకుపచ్చ వాటా 0.715, మెజెంటా వాటా 0.285. సగం ఇది, సగం అది కలిస్తే సరిహద్దు ప్రకాశం 0.5 కావాలి. 188 బూడిదరంగు సరిగ్గా అదే ఇస్తుంది. 128 బూడిదరంగు ఇచ్చేది 0.216. రెండింటిలో తక్కువ వెలుగున్న మెజెంటా కన్నా కూడా అది తక్కువ. మసిగీత అంటే ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ తప్పు ఎప్పుడూ ఒకేవైపు మొగ్గుతుంది. అంకెను కాంతిగా మార్చే రేఖ మొదట నెమ్మదిగా, పోనుపోను నిటారుగా లేస్తుంది. అలాంటి రేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా, వాటిని కలిపే సరళరేఖ కన్నా ఆ వంపు కిందనే ఉంటుంది. అందుకే అంకెల సగటు సూచించే కాంతి, నిజమైన కాంతి సగటు కన్నా తక్కువే అవుతుంది. రెండు అంకెలూ ఒకటే అయితే మాత్రం సమానం. మామూలు సగటు తీసే పద్ధతిలో బొమ్మ పొరపాటున వెలుగెక్కడం జరగదు, చీకటిపడటమే జరుగుతుంది.

మరి అన్ని అంచుల్లోనూ గీత ఎందుకు కనబడదు? నలుపు, తెలుపు కలిసేచోట కూడా తప్పు జరుగుతుంది, 188 ఉండాల్సిన చోట 128 వస్తుంది. కానీ ఆ 128 కూడా నలుపుకీ తెలుపుకీ మధ్యలోనే ఉంటుంది కాబట్టి కంటికి గీతలా తోచదు. అంచు కాస్త తెలుపువైపు జరిగినట్టు అనిపిస్తుంది, అంతే. రెండు రంగుల్లో ఛానెళ్లు ఎదురెదురు దిశల్లో మారినప్పుడు సంగతి వేరు. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంటుంది. దిగేది ఉండాల్సినదానికన్నా ఎక్కువ దిగుతుంది, ఎక్కేది ఉండాల్సినంత ఎక్కదు. రెండు లోట్లూ ఒకే పిక్సెల్‌లో కలిసేసరికి అక్కడ గుంట పడుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉన్న లోగోల్లో, గ్రాఫుల్లో, నిండు రంగులతో వేసిన మ్యాపుల్లో ఈ గీత ఎక్కువగా పట్టుబడేది అందుకే.

గీత పడని చోట నష్టం ఇంకో రూపంలో ఉంటుంది. రాత్రి ఆకాశం ఫొటోలో, నల్లటి నేపథ్యంలో ఒకే ఒక్క పిక్సెల్ వెడల్పున్న నక్షత్రాన్ని తీసుకోండి. బొమ్మను రెండు వైపులా నాలుగో వంతుకు తగ్గిస్తే పదహారు పిక్సెళ్లు ఒకటవుతాయి. అంకెల సగటు 255ను 16తో భాగిస్తే వచ్చే 16. కాంతి సగటు పదహారో వంతు, అంటే 6.25 శాతం. ఎన్‌కోడ్ చేస్తే అది 71. 71 అంటే మసకగానైనా కనిపించే చుక్క. 16 అంటే అర శాతం కాంతి మాత్రమే, దాదాపు నల్లటి నలుపు. ఉండాల్సిన కాంతిలో పన్నెండో వంతు మిగిలింది. చిన్న బొమ్మల్లో నక్షత్రాలు మాయమైపోవడం, దూరపు వీధి దీపాలు ఆరిపోయినట్టు ఉండటం, నల్లటి తెర మీది సన్నని తెల్లక్షరాలు చిక్కిపోవడం ఈ లెక్కలోంచి వచ్చినవే.

ఇంత పెద్ద తప్పు చాలామంది కంట పడకుండా ఎలా నడిచిపోతోందన్నది న్యాయమైన ప్రశ్న. మామూలు ఫొటోల్లో పక్కపక్క పిక్సెళ్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 100, 120 అనే విలువలకు అంకెల సగటు 110. లీనియర్‌లో చేస్తే వచ్చేది 110.6. ముఖం మీద, గోడ మీద, మబ్బు మీద ఆ తేడాను ఎవరూ పట్టలేరు. పక్కపక్క విలువల మధ్య దూరం పెరిగే కొద్దీ తప్పు వేగంగా పెరుగుతుంది. అందుకే ఇది అంచుల్లోనూ, సన్నని గీతల్లోనూ, మెరుపుల్లోనూ మాత్రమే బయటపడుతుంది.

మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతి పాటిస్తుందో తేల్చుకోవడం తేలిక. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు అడ్డగీతలతో ఒక చతురస్రం చేయండి. దాన్ని సరిగ్గా సగానికి తగ్గించి, వచ్చిన రంగు విలువ చదవండి. 188 దగ్గర ఉంటే లీనియర్. 128 దగ్గర ఉంటే కాదు. కంటితో అంచనా వేయడం కన్నా విలువ చదవడమే నమ్మకం. ఎందుకంటే తెర మీద చూపేటప్పుడు ఆ ప్రోగ్రామే బొమ్మను మరోసారి సాగదీయడమో కుదించడమో చేస్తూ ఉండవచ్చు. కమాండ్లతో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ మామూలుగా అంకెల మీదే పనిచేస్తుంది. కాంతి మీద పనిచేయమని చెప్పాలంటే:

```
magick in.png -colorspace RGB -resize 50% -colorspace sRGB out.png
```

ఈ పని సొంతంగా ప్రోగ్రామ్ రాసి చేసేవారు ఒక గుంతలో పడే అవకాశం ఉంది. కాంతిగా విప్పిన విలువలను మళ్లీ ఎనిమిది బిట్లలో దాచకూడదు. లీనియర్‌లో 255 మెట్లలో మొదటి మెట్టు, తిరిగి ఎన్‌కోడ్ చేసినప్పుడు 13 దగ్గర పడుతుంది. 0కీ 13కీ మధ్య ఉన్న ఛాయలన్నీ పోతాయి, నీడలు పట్టీలు పట్టీలుగా విరుగుతాయి. మధ్య లెక్కలకు పదహారు బిట్లు గానీ, ఫ్లోటింగ్ పాయింట్ గానీ కావాలి.

నల్లంచు కనిపించిన ప్రతిసారీ గామానే నిందించడం కూడా సరికాదు. పారదర్శక భాగాలున్న బొమ్మల్లో, కనిపించని పిక్సెళ్ల లోపల తరచుగా నలుపు దాగి ఉంటుంది. పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే ఆల్ఫా విలువతో ముందే గుణించకుండా సగటు తీస్తే ఆ నలుపు అంచులోకి కారుతుంది. లీనియర్‌కు మార్చినా అది పోదు. గీత పారదర్శకత పక్కనే కనిపిస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

రెండో అనుమానితుడు లాంజోస్ లాంటి పదునైన ఫిల్టర్. ఫిల్టర్ అంటే సగటులో ఏ పిక్సెల్‌కు ఎంత బరువో నిర్ణయించే సూత్రం. సగటులో కొన్ని పిక్సెళ్లకు ఇది రుణ బరువులు ఇస్తుంది కాబట్టి, వెలుగు అంచు పక్కనే చీకటివైపు ఒక చార దిగుతుంది. ఇక్కడ లీనియర్ లైట్ పరిస్థితిని బాగుచేయకపోగా ఇంకా చెడగొడుతుంది. తెలుపు పక్కన 64 విలువ గల ముదురు బూడిదరంగు ఉందనుకోండి. ఫిల్టర్ వల్ల ఆ చార రెండింటి తేడాలో 5 శాతం మేర కిందికి దిగిందనుకుందాం. అంకెల మీద చేస్తే 64 కాస్తా 54 అవుతుంది. లీనియర్‌లో 64 విలువ కాంతి 0.051 మాత్రమే. అందులోంచి దాదాపు 0.047 పోతే, ఎన్‌కోడ్ చేశాక మిగిలేది 12. ఒకచోట నల్లగీతను తీసేసిన పద్ధతే ఇంకోచోట నల్లగీత గీస్తుంది. ఇది ఫిల్టర్ పనేనా కాదా అని తేల్చాలంటే రుణ బరువులు లేని బాక్స్ ఫిల్టర్‌తో మళ్లీ తగ్గించి చూడాలి. చార పోతే ఫిల్టర్‌ది, ఉంటే గామాది. ఈ కారణంగానే సైజు తగ్గించేటప్పుడు లీనియర్ లైట్‌తో పాటు మెత్తని ఫిల్టర్‌ను వాడటం మేలని నా అభిప్రాయం. పదునైన ఫిల్టర్‌తో సైజు పెంచేటప్పుడు మాత్రం అంకెల మీదే పనిచేయించినా పెద్దగా పోయేదేమీ లేదు, చాలాసార్లు అదే శుభ్రంగా కనిపిస్తుంది.