వేలితో మూసే లెక్క వెనక ఆయిలర్

తిరుపతిలో ఇంటర్ మ్యాథ్స్ చెప్పేవాళ్ల మధ్య తెగని వాదన ఒకటుంది. పాక్షిక భిన్నాల్లో కవర్ అప్ పద్ధతిని పిల్లలకు ముందే నేర్పాలా, లేక A, B, C పెట్టి గుణకాలను పోల్చే పద్ధతి వచ్చాకే చెప్పాలా అని. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. కాబట్టి కోచింగ్‌లో మొదటి రోజే షార్ట్‌కట్ వచ్చేస్తుంది. బోర్డు పరీక్షకు స్టెప్పులు కావాలి కాబట్టి కాలేజీలో దాన్ని అనుమానంగా చూస్తారు. ఈ అనుమానానికి పునాది ఉందా?

ముందు లెక్క చూద్దాం.

(x² + 4x + 1) / ((x − 1)(x + 2)(x − 3)) = A/(x − 1) + B/(x + 2) + C/(x − 3)

A కావాలంటే ఎడమవైపు హారంలో (x − 1)ను వేలితో మూసి, మిగిలిన దాంట్లో x = 1 వేయాలి. 6/(3 × −2), అంటే −1. (x + 2)ను మూసి x = −2 వేస్తే −3/15, అంటే B = −1/5. (x − 3)ను మూసి x = 3 వేస్తే 22/10, అంటే C = 11/5. మూడు సమీకరణాలు సాధించే పని తప్పింది. సరిచూడడమూ తేలికే: లవం ఘాతం హారం కంటే సరిగ్గా ఒకటి తక్కువ, రెండింటి మొదటి గుణకాలూ 1, కాబట్టి A + B + C కూడా 1 కావాలి. −1 − 1/5 + 11/5 = 1. కుదిరింది.

చురుకైన పిల్లలు ఇక్కడే పట్టుకుంటారు: "సార్, x = 1 దగ్గర అసలు భిన్నానికే విలువ లేదు కదా, అక్కడ ఎలా ప్రతిక్షేపిస్తారు?" న్యాయమైన ప్రశ్న. "మూశాం కాబట్టి పోయింది" అంటే అది జవాబు కాదు.

భిన్నాలను ఇలా విడగొట్టే ఆలోచన సమాకలనం కోసం వచ్చింది. అకరణీయ ప్రమేయాన్ని ముక్కలు చేస్తే A/(x − 1) లాంటి ఒక్కో ముక్కకు లాగరిథమ్ వస్తుంది. జొహాన్ బెర్నూలీ, లైబ్నిజ్ ఇద్దరూ 1702లో దీని మీద ప్రచురించారు. గుణకాన్ని నేరుగా రాబట్టే సూత్రం మాత్రం ఆయిలర్ 1748 పుస్తకంలో స్పష్టంగా ఉంది. భిన్నం M/N, హారంలో ఒక కారణాంకం p − qz, మిగిలిన కారణాంకాల లబ్ధం S అనుకున్నాడు. అప్పుడు M/N = A/(p − qz) + P/S. దీన్నుంచి P = (M − AS)/(p − qz) అని వస్తుంది. P బహుపది కావాలంటే M − AS అనేది p − qz చేత నిశ్శేషంగా భాగించబడాలి, అంటే z = p/q దగ్గర M − AS సున్నా కావాలి. కాబట్టి అక్కడ A = M/S.

పిల్లాడి ప్రశ్నకు జవాబు ఇదే. మనం x = 1 వేసేది భిన్నంలో కాదు, M − AS అనే బహుపదిలో. బహుపదికి ఎక్కడైనా విలువ ఉంటుంది. వేలితో మూయడమంటే S ఏదో చూసుకోవడమే. నన్నడిగితే ఈ నాలుగు వరుసలు బోర్డు మీద రాశాక షార్ట్‌కట్‌ను దాచాల్సిన పని లేదు.

దీనికి హెవీసైడ్ పేరు వచ్చింది ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు. 16 ఏళ్లకే బడి మానేసి టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసిన ఆలివర్ హెవీసైడ్ కేబుళ్లలో కరెంటు లెక్కలకు d/dt బదులు p అనే అక్షరం పెట్టి, అవకలన సమీకరణాలను బీజగణితంలా నడిపాడు. అప్పుడు చివర మిగిలేది p లో ఒక భిన్నం, దాన్ని ముక్కలు చేయక తప్పదు. అలా ఇంజినీర్ల నోట ఈ పద్ధతి ఆయన పేరుతో నిలిచిపోయింది. నిరూపణలు సరిగా లేవని 1894లో ఆయన వ్యాసాల మూడో భాగాన్ని రాయల్ సొసైటీ ప్రచురించలేదు. అయితే ఆ అభ్యంతరం d/dt ని p లా నడపడం గురించి. మన లెక్కకు అది తగలదు.

నిజమైన చిక్కులు వేరే ఉన్నాయి. లవం ఘాతం హారం ఘాతానికి సమానమైనా, మించినా, మూసే పద్ధతి గుణకాలను సరిగ్గానే ఇస్తుంది, భాగఫలాన్ని మాత్రం ఇవ్వదు. x³/((x − 1)(x − 2)) లో −1, 8 వస్తాయి, కానీ ముందు x + 3 ఉందని చెప్పదు. భాగించి చూడాల్సిందే. (x − 1)² లాంటిది ఉంటే పై ఘాతం మీది గుణకం ఒక్కటే దొరుకుతుంది.

ఇంకొకటి, ఆప్షన్లలో ఎక్కువగా బోల్తా కొట్టించేది. 1/((2x − 1)(x + 3)) లో (2x − 1)ను మూసి x = 1/2 వేస్తే 2/7 వస్తుంది. కొందరు అదే గుణకం కోసం లవాన్ని హారం అవకలజంతో భాగిస్తారు. హారం 2x² + 5x − 3, అవకలజం 4x + 5, అక్కడ దాని విలువ 7, కాబట్టి జవాబు 1/7. రెండూ ఒప్పే. మొదటిది 2x − 1 మీది గుణకం, రెండోది x − 1/2 మీదిది.